ఏ కంపెనీ అండీ, ఏం చూపిస్తోంది?

ఆ రోజు ఆ కుర్చీలో వదిన తనంతట తాను కూర్చుందా, లేక ఫోనక్క కూర్చోబెట్టిందా? ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా నాకు ఇప్పటికీ తేలలేదు. ఫోనక్కకైనా తేలిందో లేదో.

ఏసీలు బాగుచేసే షాపు అది, ఫోనక్క అన్నయ్యది. షట్టర్ దాటగానే అన్నయ్య కౌంటరు. కౌంటరు వెనక అద్దాల గది. అద్దాల గది వెనక తలుపు తీస్తే వంటిల్లు, ఆ పైన మెట్లు, మెట్ల మీద పడక గదులు. వంటింటికి అవతల పక్కింటి గోడ. అంటే ఆ ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళాలన్నా అన్నయ్య ముందునుంచే వెళ్ళాలి. "ఎక్కడికమ్మా?" అని ఆయన అడగడం, వెళ్ళేవాళ్ళు జవాబు చెప్పుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. అందులో కోపం ఉండదు. కోపమే ఉంటే ఎదురు చెప్పడం సులువయ్యేది.

అద్దాల గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, తిరిగీ తిరగని ఫ్యాను. ఊరందరికీ చల్లదనం పంచే షాపులో ఫోనక్క మాత్రం పమిట చెంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చునేది. గోడకి ఒక ఏసీ ఉండేది కానీ అది పేరుకే. లోపలి మిషను మాత్రమే తగిలించారు, బయటి మిషను లేదు. జనం తెచ్చిన రిమోట్లు పని చేస్తున్నాయో లేదో చూడటానికి అది. రిమోట్ నొక్కగానే కూత పెట్టి, రెక్క తెరిచి, ఉత్త గాలి విసిరేది. కాసేపు బయటి మిషను జవాబు కోసం చూసేది. జవాబు రాక, ముఖం మీద ఎర్రగా కోడ్ వేసుకుని ఆగిపోయేది. దాన్ని ఆపడం కూడా ఫోనక్క పనే.

ఆ గదిలోకి ఆవిడ వచ్చింది నాలుగు రోజుల కోసం. ఫోన్ దగ్గర కూర్చునే పిల్ల పెళ్ళై వెళ్ళిపోతే, "ఇంకో మనిషి దొరికేదాకా కాస్త చూడమ్మా" అన్నాడు అన్నయ్య. అప్పటికి ఆవిడ డిప్లొమా పూర్తి చేసి, చేత్తో పని నేర్చుకుందామని వచ్చింది. స్పానరు పట్టుకోవాలని ఆశ. "నువ్వు నిచ్చెనెక్కుతావా? పడితే నాకు మాట వస్తుంది" అన్నాడాయన. ఇంకో మనిషి దొరకలేదు, దొరికించుకునే అవసరమూ రాలేదు. ఎందుకంటే ఫోనక్క ఆ ఫోన్లో నెమ్మదిగా అందరికీ తలలో నాలుకై కూర్చుంది.

దానికో కారణం ఉంది. అన్నయ్య షాపులో మెకానిక్కుల దగ్గర కోడ్ల పట్టికలు ఉండవు. కంపెనీల వాళ్ళు పంపిన అట్టలన్నీ ఆయన గోడల మీంచి పీకేశాడు. "పట్టిక చేతికిస్తే రేపు వీధి చివర వాడే షాపు పెడతాడు" అనేవాడు. అందుకని మెకానిక్కు ఏ ఇంటికి వెళ్ళినా, మిషను మీద కోడ్ చూసి, ఫోన్ తీసి, "అక్కా, ఫలానా వస్తోంది, ఏం చేయమంటావ్?" అని అడగాలి. పట్టికలన్నీ ఆవిడ బుర్రలో ఉన్నాయి. ఆవిడ బుర్ర ఆ గదిలో ఉంది.

బయటి వాళ్ళకి అదేదో చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక అక్షరం, ఒక అంకె, దాని అర్థం. కానీ ఏ రెండు కంపెనీలూ ఒకే భాష మాట్లాడవు. ఈ వన్ అని ఒక మిషను అంటే గదిలో వేడి కొలిచే సెన్సరు పోయిందని. ఇంకో మిషను అదే ఈ వన్ అంటే లోపలి మిషనుకీ బయటి మిషనుకీ మధ్య కబురు ఆగిందని. మూడో కంపెనీకి అదే ఈ వన్, బయటి మిషనులో ఒత్తిడి పెరిగిపోయి తనను తాను ఆపుకుందని. అందుకే ఫోన్ ఎత్తగానే ఆవిడ నమస్కారం కూడా చెప్పదు. "ఏ కంపెనీ అండీ, ఏం చూపిస్తోంది? వేయగానే వస్తోందా, కాసేపు నడిచాక వస్తోందా?" అంటుంది. వేయగానే వస్తే చాలాసార్లు సెన్సరో, వైరో, బోర్డో. నడిచి నడిచి వస్తే ఒత్తిడో, వేడో, గ్యాసో.

"కోడ్ జబ్బు పేరు కాదురా, నొప్పి ఎక్కడో చెప్పే మూలుగు" అనేది మెకానిక్కులతో. "గ్యాస్ తగ్గిందని కోడ్ వస్తే గ్యాస్ నింపేసి రావద్దు. అదేం మంచినీళ్ళా, మిషను తాగేయడానికి? తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. అది వెతుకు ముందు."

ఇంత చెప్పే మనిషి, తన చేత్తో ఒక్క మిషను మూత విప్పి ఎరగదు. బయటి మిషను లోపల ఏముంటుందో బొమ్మల్లో చూసిందే తప్ప కంటితో చూడలేదు. ఆ మాట ఎవరితోనూ అనేది కాదు, నవ్వుతారని.

ఆ వేసవిలో పొరుగూరి పెద్దాసుపత్రిలో మరమ్మతుల విభాగానికి మనుషులు కావాలంటే, వదిన సాయంతో దరఖాస్తు పంపింది. వదిన సాయమంటే, టపా వచ్చినప్పుడు అది అన్నయ్య కౌంటరు మీద పడకుండా వంటింట్లోకి చేరవేయడం. రమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే చేరాలి. అంటే మధ్యాహ్నం బస్సు పట్టుకోవాలి. చేరకపోతే ఆ చోటు వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి పోతుంది.

పొద్దున కాఫీ గ్లాసు కౌంటరు మీద పెడుతూ అన్నయ్యకి చెప్పింది.

ఆయన గ్లాసు ఎత్తలేదు. "ఈ ఎండల్లోనా?"

"వాళ్ళు ఇప్పుడే రమ్మన్నారన్నయ్యా."

"ఎండాకాలం పోనీ. వానలు పడగానే నేనే దింపి వస్తా, సామాన్లతో సహా."

"కిందటేడూ వానలే అన్నావు."

"కిందటేడు వానలు సరిగా పడ్డాయా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఫోనక్కకీ వచ్చింది. నవ్వాక ఇంక ఏం గట్టిగా అనగలదు? అంతలో ఫోన్ మోగింది. ఆయన గ్లాసు ఎత్తి, గడ్డంతో అద్దాల గది వైపు చూపించాడు. చర్చ అయిపోయింది.

ఫోన్లో ఒక పెద్దాయన. "అమ్మా, మా ఏసీ మీద సీ ఎల్ అని వస్తోంది. క్లోజ్ అయిపోయిందంటావా? ఇంక కొత్తది కొనుక్కోవాల్సిందేనా?"

కంపెనీ అడిగింది. ఆ కంపెనీకి సీ ఎల్ అంటే తాళం. పిల్లలు నొక్కకుండా మిషనుకి వేసే తాళం. ఇంకో కంపెనీకైతే జాలీ కడగమని గుర్తు చేయడం. ఏదైనా జబ్బు కాదు.

అప్పుడు ఆవిడకి ఒక ఊహ వచ్చింది. తప్పు చెప్తే? ఒక్కసారి, రెండుసార్లు, మూడుసార్లు తప్పు చెప్తే చాలు. బోర్డు పోయిందని చెప్పి మనిషిని ఉత్తినే పంపిస్తే, అన్నయ్యే విసిగి, "నీకు చేతకావట్లేదమ్మా, వెళ్ళు" అంటాడు. ఎంత తేలికగా తెరుచుకుంటుంది ఆ షట్టరు! నోరు తెరిచింది.

"మీ ఇంటికి మనవలు ఎవరైనా వచ్చారా అండీ?" అంది ఆ నోరు.

"వచ్చాడు, వెధవ. రిమోట్ వాడి దగ్గరే ఉంది."

"వాడే వేశాడు తాళం. రిమోట్ మీద తాళం బొమ్మ ఉంటుంది చూడండి. అక్కడ నొక్కి పట్టుకోండి. పోయిందా?"

"పోయింది! నీ కడుపు చల్లగా, నూరేళ్ళు ఆ ఫోన్ దగ్గరే ఉండు తల్లీ."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. దీవెన కూడా గొలుసు వేసి పోయింది.

వదిన లోపల్నుంచి కూర తిరగమోత పెడుతూ తలుపు సందులోంచి చూసింది. "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"వానలు."

వదిన మూత పెట్టి, మంట తగ్గించింది. ఫోనక్క సంచీ వంటింట్లో, బియ్యం డబ్బా వెనక సర్ది ఉంది. అది సర్దింది వదినే.

ఎండ ముదిరేసరికి ఫోన్ చెవిలో జోరీగైంది. ఫోనక్క నీళ్ళు తాగి మొహం కడుక్కుందామని లోపలికి వెళ్ళిన కాసేపట్లో మళ్ళీ మోగింది. అన్నయ్యే గదిలోకి వచ్చి ఎత్తాడు. వెనక వీధిలో దర్జీ. కొత్తగా ఏసీ పెట్టించుకున్నాడు. అది నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట, ఈ వన్ వస్తోందట. అన్నయ్య కంపెనీ అడగలేదు. ఆయనకి గుర్తున్న ఈ వన్ ఒక్కటే. "వైరు పోయింది. మనవాణ్ణి పంపిస్తున్నా, కొత్త వైరు లాగేస్తాడు" అని చెప్పి, పొడుగుని పంపించాడు.

పొడుగు అంటే ఆ షాపు పెద్ద మెకానిక్కు. గుమ్మాలన్నిటికీ తల వంచే నడిచి నడిచి నడుం వంగిపోయిన మనిషి. కొంతసేపటికి అతని ఫోన్ వచ్చింది. ఈసారి ఫోనక్క ఎత్తింది.

"అక్కా, దర్జీ షాపులో ఉన్నా. వైరు రాయిలా ఉంది. బిగింపులన్నీ చూశా. అన్నయ్య మాత్రం కొత్తది లాగమన్నాడు. గోడ పగలగొట్టాలి. ఈయనేమో మొన్ననే సున్నం వేయించా, చేయి వేస్తే ఊరుకోనని కత్తెర పట్టుకుని నిలబడ్డాడు."

"ఏ కంపెనీ?"

చెప్పాడు.

"వేయగానే వస్తోందా?"

"లేదు. బాగానే చల్లబడుతుంది, తర్వాత ఆగిపోతుంది."

"ఒరే, ఆ కంపెనీకి ఈ వన్ అంటే వైరు కాదు, ఒత్తిడి. బయటి మిషను వేడి బయటికి పోవట్లేదు. నువ్వు బయటి మిషను చూశావా?"

"అది వెనక గోడకి పైన ఉంది. నిచ్చెన ఇంకా రాలేదు."

"గోడ సంగతి వదిలెయ్. ఆయన్నే అడుగు, బయటి మిషను మీద ఏమైనా కప్పారా అని."

అవతల మాటలు వినిపించాయి. ముందు పొడుగు గొంతు, తర్వాత దర్జీ గొంతు, గర్వంగా. పొడుగు నవ్వు ఆపుకోలేక ఫోన్లోకి వచ్చాడు. "కోటు కుట్టాట్టక్కా! ఎండకీ దుమ్ముకీ పాడవుతుందని, కొలతలు తీసుకుని, మందపు గుడ్డతో, లోపల అస్తరు వేసి కుట్టాట్ట. గుండీలు కూడా ఉన్నాయంటున్నాడు."

"విప్పమను. ఫ్యాను ముందు, వెనక ఏదీ అడ్డం ఉండకూడదు. మెయిన్ ఆపి కోటు విప్పి, వెనక రెక్కల్లో దూది, దుమ్ము పట్టిందేమో చూసి, శుభ్రం చేసి అప్పుడు వేయి. దర్జీ షాపు కదా, దారపు పీచు ఉంటుంది. అయినా వస్తే బయటి ఫ్యాను సరిగా తిరుగుతోందా చూడు."

కోటు విప్పాక ఈ వన్ మళ్ళీ రాలేదు. అద్దం అవతల నిలబడి అన్నయ్య అంతా విన్నాడు. సిగ్గుపడతాడనుకుంది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశావామ్మా? నువ్వు మొహం కడుక్కునేంత సేపు లేకపోతే దర్జీ గోడ పడిపోయేది. నిన్నెలా పంపను చెప్పు?"

తప్పు ఆయనది, సంకెల ఆవిడకి. తప్పు చెప్పడానికి నోరు రాదు, ఒప్పు చెప్తే ఇలా. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక్కసారి తెగితే విడుదల.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోనుకీ ఆవిడ వేరేలా జవాబివ్వడం మొదలుపెట్టింది. మెకానిక్కు "ఎఫ్ జీరో అక్కా" అంటే, "నువ్వే చెప్పు. ఏ కంపెనీ? ఎప్పుడొస్తోంది? అయితే దేని మూలుగు?" అని అతని నోటే పలికించింది. గ్యాసని అతనే అన్నాడు, కారుతున్న చోటు వెతకాలనీ అతనే అన్నాడు. మిషను మీద ఏమీ రాని కంపెనీ ఉంటే, రిమోట్‌లోంచి కోడ్ ఎలా రాబట్టాలో గొంతెత్తి, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది, గోడలకి కూడా పాఠం వచ్చేలా.

అన్నయ్య అద్దం మీద వేలితో కొట్టాడు. "ఏంటమ్మా, బడి పెట్టావా?"

"నేర్చుకోనీ అన్నయ్యా. రేపు నేను లేకపోతే..."

"రేపు నువ్వు ఎందుకుండవు?" నిజంగా అర్థం కానట్టు అడిగాడు. "నువ్వు వెళ్తే నేను షట్టర్ దించుకోవాల్సిందే. అది నీకిష్టమైతే వెళ్ళు. నేనేం ఆపట్లేదు."

ఆపట్లేదన్న మాట కన్నా గట్టి తలుపు ఇంకొకటి లేదు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. బస్సు టైము దగ్గర పడుతోంది. ఫోన్ మోగింది.

ఎత్తలేదు.

అన్నయ్య చూశాడు. ఫోన్ మోగుతోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. చేతులు వాటంతటవే లేస్తున్నాయి, వేళ్ళు వేళ్ళలో ఇరికించి పట్టుకుంది. ఎవరింట్లోనో ఎవరో ఉక్కపోతలో చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడి ఉన్నారు. అది తెలుసు. అదే బాధ. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

వెనక తలుపు తెరుచుకుంది. వదిన తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, ఫోనక్క భుజం మీంచి వంగి, ఫోన్ ఎత్తింది.

"ఏ కంపెనీ అండీ, ఏం చూపిస్తోంది?"

ఆ గొంతు విని ఫోనక్క తుళ్ళిపడింది. గొంతు వదినది, పలుకు తనది.

"మిషను మీద ఏమీ రాదండీ దానికి, దీపం ఒక్కటే కొట్టుకుంటుంది. రిమోట్ తీసుకోండి. మిషను వైపే పట్టుకుని క్యాన్సిల్ బటన్ నొక్కి అలాగే ఉంచండి. సున్నా సున్నా కొట్టుకుంటోందా? ఇప్పుడు వదిలేసి, ఒక్కొక్కసారి నొక్కుతూ పోండి. చిన్న కూత వస్తే అది కాదు, ముందుకు పదండి. పొడుగ్గా కూసినప్పుడు ఆగండి." వదిన ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఫోనక్క వంక చూడకుండా, బల్ల మీద నీటి చుక్క తుడిచింది. "యూ ఫోరా? అదీ, లోపలి మిషనుకీ బయటి మిషనుకీ మధ్య కబుర్లు ఆగాయి. మెయిన్ ఆపేసి, కాసేపు ఆగి వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పుడప్పుడూ ఇలా అవుతుంది. మళ్ళీ వస్తే మనిషిని పంపిస్తాం. వైరు కావచ్చు, బోర్డు కావచ్చు, చూస్తే గానీ చెప్పలేం. మూత మాత్రం మీరు విప్పకండి."

అన్నయ్య నోరు తెరిచి నిలబడ్డాడు. "నీకెలా తెలుసే ఇవన్నీ?"

"పప్పు కలిపేటప్పుడు చెవులు ఊరికే ఉంటాయా?" అంది వదిన. "ఇన్నేళ్ళు వింటున్నా. గోడ పలచన."

ఫోనక్కకి సంతోషం కలగాలి. ముందు కలిగింది అది కాదు. ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. తన బుర్రలోనే ఉందనుకున్నది వంటింట్లో కూడా ఉందన్నమాట. తను ఈ గదిలో బందీ అని ఏడ్చుకున్న రోజుల్లో, తను తప్ప ఇంకెవరూ లేరన్న గర్వం కూడా చాటుగా దాచుకుందని అప్పుడే తెలిసింది. ఆ ముల్లు తీసుకునే టైము లేదు.

వదిన కుర్చీ వంక చూసింది. ఫోనక్క లేచింది. తను లేచిందని వదిన కూర్చుందో, వదిన కూర్చోబోతోందని తను లేచిందో, ఆ క్షణం ఎంత నెమ్మదిగా చూసినా ముందూ వెనకా తెలియదు. వదిన కూర్చుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. కూర్చున్న మనిషి ముఖం బాధగా లేదు. సంతోషంగానూ లేదు. కొత్త రైలు పెట్టెలో చోటు దొరికినవాళ్ళు ముందు చుట్టూ ఎలా చూస్తారో అలా చూస్తోంది. కూర అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"పొయ్యి కట్టేసి రా" అంది వదిన, తల ఎత్తకుండా.

ఫోనక్క వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసింది. బియ్యం డబ్బా వెనక నుంచి సంచీ తీసింది. అద్దాల గదిలోకి తిరిగి వచ్చేసరికి ఎవరో తెచ్చిన రిమోట్ పరీక్ష చేయడానికి అన్నయ్య గోడ మిషను వేసి ఉంచాడు. అది రెక్క తెరిచి ఉత్త గాలి విసురుతోంది. వదిన మళ్ళీ ఫోన్లో ఉంది. కౌంటరు మీద తన సొంత ఫోను మోగితే అన్నయ్య అటు వెళ్ళి, గోడకి ముఖం పెట్టి, ఒక చెవి మూసుకుని, గట్టిగా అడుగుతున్నాడు. "ముందు ఏ కంపెనీయో చెప్పండి సార్. కంపెనీ చెప్పకుండా ఈ వన్ అంటే నేనేం చెప్పను?"

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నయ్యా అని పిలిస్తే ఆయన తిరుగుతాడు. తిరిగితే "ఎక్కడికమ్మా?" అంటాడు. అంటే జవాబు చెప్పాలి. జవాబు చెప్తే ఆయన నవ్విస్తాడు. ఇటు తిరిగి వదినకి చెప్పాలంటే, ఆ కుర్చీలో ఉన్న మనిషి కళ్ళలోకి చూడాలి. అది ఇంకా కష్టం.

గోడ మిషను కాసేపు జవాబు కోసం చూసి, ఎర్రగా కోడ్ వేసుకుని ఆగిపోయింది. అలవాటు కొద్దీ ఆపడానికి చెయ్యి పైకి లేచింది. సగం లేచిన చెయ్యి దింపుకుని, సంచీ ఆ చేతిలోకి మార్చుకుంది.

కౌంటరు పక్కనుంచి, అన్నయ్య వీపు వెనకనుంచి నడిచింది. షట్టర్ కింద తల వంచాల్సిన అవసరం లేకపోయినా వంచింది. వీధిలో ఎండ పెనంలా కాలుతోంది. లోపల్నుంచి వదిన గొంతు వినిపిస్తోంది, "వేయగానే వస్తోందా, కాసేపు నడిచాక వస్తోందా?" అని. వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పకుండానే ఫోనక్క బస్టాండు వైపు తిరిగింది.